ఒక్క కాలే ఏళ్ళ తరబడి వాచి ఉంటే ఫొటోలో ఏం చూడాలి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా అమ్మకు 58 ఏళ్ళు. ఆరేళ్ళ క్రితం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. మూడేళ్ళ నుంచి ఎడమ కాలు ఒక్కటే వాస్తోంది. మొదట్లో రాత్రి పడుకుంటే పొద్దుటికి తగ్గేది. పోయిన ఏడాది అదే కాలు ఎర్రబడి, చలిజ్వరం వచ్చి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. అప్పట్నుంచి వాపు అసలు తగ్గట్లేదు. చీలమండ పైన కొలిస్తే ఎడమ కాలు 27 సెంటీమీటర్లు, కుడి కాలు 22. డాప్లర్ స్కాన్‌లో రక్తం గడ్డ లేదన్నారు. గుండె, కిడ్నీ పరీక్షలు బాగానే ఉన్నాయి. నీళ్ళ మాత్ర ఇస్తే మూత్రం ఎక్కువైంది గానీ కాలు తగ్గలేదు. తెలిసినవాళ్ళు బోదకాలు అంటున్నారు. నాలుగు ఫొటోలు పంపుతున్నాను. చూసి ఇదేమిటో చెప్పగలరా?

సమాధానం: మీరు పంపిన నాలుగింటిలో నాకు ఎక్కువ విషయం చెప్పింది రెండో ఫొటో, అంటే పాదాలు దగ్గరగా తీసినది. పిక్క వాపు బాగా కనబడాలని మొదటి ఫొటో మీద మీరు శ్రద్ధ పెట్టినట్టున్నారు. కానీ పిక్క ఏ కారణంగా వాచినా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. పాదం అలా కాదు. వాపు పాదం మీదికి, వేళ్ళ మీదికి దిగిందా, దిగితే ఏ రూపంలో దిగింది అనేదాన్ని బట్టే కారణం సగం తెలుస్తుంది.

ఆ ఫొటోలో కుడి పాదం మీద వేళ్ళకు వెళ్ళే నరాల్లాంటి గీతలు (అవి నిజానికి కండరాల తాళ్ళు), వాటి మధ్య నీలంగా రక్తనాళాలు కనిపిస్తున్నాయి. ఎడమ పాదం మీద అవేవీ లేవు. పాదం పైభాగం మెత్తలా ఉబ్బి ఉంది. వేళ్ళు గుండ్రంగా కాకుండా పక్కలు నొక్కినట్టు కాస్త చదరంగా ఉన్నాయి. వేళ్ళు పాదంతో కలిసేచోట అడ్డంగా ఒక లోతైన మడత పడింది. కుడి వైపు ఆ మడత పైపైన గీతలా ఉంటే, ఎడమ వైపు దారం కట్టి బిగించినట్టుంది. మూడో ఫొటోలో చీలమండ పైన చర్మం నారింజ తొక్కలా చిన్న చిన్న గుంటలతో, మందంగా కనిపిస్తోంది. ఆపరేషన్, రేడియేషన్, ఇన్‌ఫెక్షన్ జరిగిన క్రమాన్ని వీటికి కలిపి చూస్తే ఇది లింఫెడిమా, అంటే లింఫ్ నాళాలు దెబ్బతిని నీరు నిలిచిపోయే వాపు అనే నా గట్టి అనుమానం. అనుమానం అనే అంటున్నాను, ఎందుకంటే ఫొటో దారి చూపిస్తుంది గానీ జబ్బును ఖాయం చేయలేదు. ఖాయం చేయడానికి చెయ్యి వేసి చూడాలి. మీ అమ్మగారి విషయంలో ఒక స్కాన్ కూడా తప్పనిసరి. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఇది ఎలా వస్తుందో చూద్దాం. రక్తం కాలిలోకి వచ్చాక అందులోంచి కొంత నీరు, దానితోపాటు కొంచెం ప్రొటీన్ సన్నటి రక్తనాళాల గోడలు దాటి కండలోకి, చర్మం కిందికి ఊరుతూనే ఉంటాయి. అది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళందరిలో రోజూ జరిగేదే. అలా ఊరినదాన్ని మళ్ళీ పైకి తీసుకెళ్ళి రక్తంలో కలిపేది లింఫ్ నాళాలు. కాలి లింఫ్ నాళాలన్నీ గజ్జలో, పొత్తికడుపులో ఉండే లింఫ్ గ్రంథుల మీదుగానే పోవాలి. మీ అమ్మగారికి జరిగినలాంటి ఆపరేషన్‌లో మామూలుగా పొత్తికడుపులోని ఆ గ్రంథుల్ని కూడా తీసేస్తారు. తీయగా మిగిలిన సన్నటి దారుల్ని రేడియేషన్ గట్టిపరుస్తుంది. చేనుకి నీళ్ళు వచ్చే కాలువ బాగానే ఉంది, మురుగు పోయే తూము మాత్రం సగం పూడిపోయింది అనుకోండి. అలాంటప్పుడు చేను వెంటనే మునగదు. మిగిలిన సగం తూము కొన్నాళ్ళు నెట్టుకొస్తుంది.

అందుకే ఆపరేషన్‌కీ వాపుకీ మధ్య ఏళ్ళు గడుస్తాయి. 'అప్పుడు రానిది ఇప్పుడెందుకు వస్తుంది' అని చాలామంది ఈ రెంటినీ కలిపి చూడరు. వైద్యుడు అడిగినప్పుడు కూడా పాత ఆపరేషన్ సంగతి చెప్పరు. మూడేళ్ళ ఎడం అసాధారణమేమీ కాదు. గ్రంథులు రెండు వైపులా తీసినా ఒక్క కాలే ఎందుకు వాచిందనే ప్రశ్న కూడా మీకు రావచ్చు. ఏ వైపు ఎన్ని దారులు మిగిలాయి, ఏ వైపు మచ్చ ఎక్కువ కట్టింది అనేవి రెండు వైపులా సమానంగా ఉండవు. కాబట్టి ఒక కాలు ముందు లొంగిపోతుంది.

ఇక పోయిన ఏడాది వచ్చిన ఎరుపు, చలిజ్వరం. దాన్ని సెల్యులైటిస్ అంటారు, చర్మం కింద పాకే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్. లింఫ్ నిలిచిపోయిన కాలిలో ఇది తేలిగ్గా పట్టుకుంటుంది, ఎందుకంటే సూక్ష్మక్రిముల్ని పట్టి గ్రంథులకు చేర్చే పని కూడా ఆ నాళాలదే. వచ్చినప్పుడల్లా మిగిలిన నాళాల్లో మరికొన్నింటిని పాడుచేసి పోతుంది. మీ అమ్మగారి కాలు ఆ జ్వరం తర్వాత పొద్దుటికి తగ్గడం మానేసింది అన్నారు కదా, అది కాకతాళీయం కాదు. లింఫెడిమాను దశలుగా చూస్తే, కాలు ఎత్తి పడుకుంటే తగ్గే వాపు మొదటి దశ, పడుకున్నా తగ్గనిది రెండో దశ, చర్మం మొద్దుబారి పులిపిర్లలాంటి బుడిపెలు లేచేది మూడో దశ. మీ అమ్మగారు మొదటి దశ దాటి రెండోదానిలోకి వచ్చారు. మూడో దశ గుర్తులు మీ ఫొటోల్లో నాకు కనబడలేదు.

ఇప్పుడు మీరు ఇంట్లోనే చేసి చూడగలిగిన పరీక్ష ఒకటుంది. 1976లో రాబర్ట్ స్టెమ్మర్ అనే వైద్యుడు వర్ణించినది, ఆయన పేరుతోనే స్టెమ్మర్ పరీక్ష అంటారు. మీ అమ్మగారిని కాలు చాపి కూర్చోమనండి. మొదట మంచి కాలితో, అంటే కుడి కాలితో మొదలుపెట్టండి. బొటనవేలి పక్కనుండే రెండో వేలు పాదంతో కలిసేచోట, పైవైపు చర్మాన్ని మీ బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టుకుని మెల్లగా పైకెత్తండి. పలచటి మడతలా లేస్తుంది. గోరు తగలకుండా, మెత్తగా పట్టుకోవాలి సుమా. ఇప్పుడు ఎడమ కాలికి అదే చోట చేయండి. మడత అసలు లేవకపోయినా, లేచింది వేలి మందాన ముద్దగా ఉన్నా పరీక్ష పాజిటివ్. చర్మం కింద కణజాలం మందమైపోయి, చర్మం దాన్నుంచి విడిపడి లేవడం మానేసిందని అర్థం. వాపున్న కాలిలో ఇది పాజిటివ్ అయితే లింఫెడిమా అనే నమ్మకం బాగా బలపడుతుంది.

అయితే రెండు జాగ్రత్తలు. మడత మామూలుగా లేచినంత మాత్రాన లింఫెడిమా కాదని చెప్పలేం. తొలినాళ్ళలో, లేదా వాపు తొడలోనే ఉండి పాదానికి దిగనప్పుడు ఈ పరీక్ష నెగటివ్‌గానే ఉంటుంది. పొత్తికడుపు ఆపరేషన్ల తర్వాత వాపు చాలాసార్లు పైనుంచే మొదలవుతుంది కూడా. మరోవైపు, బాగా లావుగా ఉన్నవాళ్ళలో లింఫెడిమా లేకపోయినా మడత ముద్దగా లేవొచ్చు. అందుకే రెండో కాలితో పోల్చి చూడమన్నాను.

తర్వాతది గుంట. మోకాలి కింద ముందువైపు ఎముక మీద బొటనవేలితో నొక్కి, మనసులో పదిహేను దాకా లెక్కపెట్టి తీయండి. పాదం పైన కూడా అలాగే. నేను చూసినంతలో ఎక్కువ గందరగోళం ఇక్కడే వస్తుంది. 'గుంట పడితే మామూలు నీరు, పడకపోతే లింఫెడిమా' అని ఒక మాట చలామణీలో ఉంది. అది తప్పు. లింఫెడిమా మొదటి దశలో, రెండో దశ తొలి భాగంలో గుంట చక్కగా పడుతుంది, ఎందుకంటే అప్పటికి అక్కడున్నది ఎక్కువగా నీరే. ప్రొటీన్ నిలవ ఉండే కొద్దీ ఆ చోట మంట రేగి, పీచులాంటి కణజాలం, కొవ్వు పేరుకుంటాయి. అవి పెరిగే కొద్దీ గుంట పడటం తగ్గి కాలు రబ్బరులా బిగుసుకుంటుంది. కాబట్టి గుంట జబ్బు పేరు చెప్పదు, జబ్బు వయసు చెబుతుంది. గుంట ఇంకా పడుతుంటే ఆ భాగం బ్యాండేజీ కట్టుకు బాగా తగ్గుతుందని ఆశించవచ్చు. నీళ్ళ మాత్ర ఎందుకు పనిచేయలేదన్న దానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఆ మాత్ర ఒంట్లో నీటిని మూత్రం ద్వారా బయటికి పంపుతుంది, కానీ కాలిలో నిలిచిన ప్రొటీన్‌ని కదిలించలేదు. ప్రొటీన్ ఉన్నంతకాలం అది నీటిని తనవైపు లాక్కుంటూనే ఉంటుంది. ఆ మాత్ర కేవలం కాలి కోసమే ఇచ్చి ఉంటే ఆపే సంగతి రాసిన డాక్టర్‌ని అడగండి. బీపీకో గుండెకో ఇచ్చి ఉండే అవకాశం ఉంది కాబట్టి మీ అంతట మీరు ఆపకండి.

మీరు ఇచ్చిన కొలత దగ్గరికి వద్దాం. 27కీ 22కీ తేడా అయిదు సెంటీమీటర్లే అనిపిస్తుంది. చుట్టుకొలతలో చూస్తే ఎడమది కుడిదానికంటే నాలుగో వంతు కూడా ఎక్కువ కాదు. కానీ మనకు కావలసింది కాలిలో నిలిచిన పరిమాణం. దాన్ని లెక్కగట్టడానికి కాలిని నాలుగేసి సెంటీమీటర్ల ముక్కలుగా ఊహించుకుంటారు. ఒక్కో ముక్క పరిమాణం మిల్లీలీటర్లలో తెలియాలంటే దాని చుట్టుకొలతను దానితోనే గుణించి 3.14తో భాగిస్తే చాలు. ఎడమ కాలికి 27 × 27 అంటే 729, దాన్ని 3.14తో భాగిస్తే సుమారు 232 మిల్లీలీటర్లు. కుడి కాలికి 22 × 22 అంటే 484, భాగిస్తే సుమారు 154. అంటే ఆ నాలుగు సెంటీమీటర్ల ముక్కలోనే దాదాపు 78 మిల్లీలీటర్లు ఎక్కువ, ఒకటిన్నర రెట్లు. టేపు మీద చిన్నగా కనిపించిన తేడా కాలిలో ఎంత ఉందో చూశారా?

ఇది ఒక్క చోటి లెక్కే. మొత్తం కాలికి కావాలంటే చీలమండ ఎముక నుంచి మొదలుపెట్టి పైకి ప్రతి నాలుగు సెంటీమీటర్లకీ పెన్నుతో చుక్క పెట్టి, రెండు కాళ్ళకూ ఒకే ఎత్తుల్లో కొలిచి, ముక్కలన్నీ కూడాలి. మొత్తం మీద తేడా పది శాతం దాటితే సాధారణంగా లింఫెడిమా లెక్కలోకి తీసుకుంటారు. మొదటి కొలత కంటే తర్వాతి కొలతలు ముఖ్యం, ఎందుకంటే చికిత్స పనిచేస్తోందా లేదా చెప్పేది అవే. టేపు చర్మాన్ని తాకాలి గానీ నొక్కకూడదు. కొలిచే మనిషి, కొలిచే వేళ మారకుండా ఉంటే మంచిది. చాలా ఇళ్ళలో ఒకరోజు పొద్దున, ఇంకోరోజు సాయంత్రం కొలిచి 'పెరిగింది' అని టెన్షన్ పడుతుంటారు.

ఇక ఇది మరొకటేదైనా కావచ్చా అనే ప్రశ్న. గుండె, కిడ్నీ, కాలేయం వల్ల వచ్చే వాపు రెండు కాళ్ళకూ వస్తుంది, కొన్ని బీపీ మాత్రల వల్ల వచ్చేదీ అంతే. మీ అమ్మగారి విషయంలో వాటిని పక్కన పెట్టొచ్చు. సిరలు పాడై వచ్చే వాపు ఒక్క కాలికే రావచ్చు. కానీ అందులో చీలమండ లోపలివైపు చర్మం గోధుమరంగుకి తిరుగుతుంది, ఉబ్బిన సిరలు కనిపిస్తాయి, రాత్రి కాలు ఎత్తి పడుకుంటే బాగా తగ్గుతుంది, వేళ్ళు చాలావరకు మామూలుగానే ఉంటాయి. మీ మూడో ఫొటోలో ఆ రంగు మార్పు లేదు. అయితే ఏళ్ళ తరబడి సిరల జబ్బు ఉన్నవాళ్ళకి లింఫ్ నాళాలు కూడా అలిసిపోయి రెండూ కలిసి ఉండటం మామూలే.

బోదకాలు సంగతి. అది కూడా లింఫెడిమాయే, కారణం వేరు. దోమ ద్వారా వచ్చే ఫైలేరియా పురుగు లింఫ్ నాళాల్లో కాపురం పెట్టి వాటిని పాడుచేస్తుంది. చివరికి కాలు ఎలా తయారవుతుందో చూస్తే రెంటికీ తేడా తెలియదు, అందుకే మీవాళ్ళు అలా అన్నారు. మీ అమ్మగారి వాపుకి ఆపరేషన్, రేడియేషనే చాలినంత కారణం. ఫైలేరియా ఉండే ప్రాంతంలో నివసించి ఉంటే రక్తపరీక్ష ఒకసారి చేయించడంలో తప్పులేదు. కానీ కాలు బాగా వాచిన నాటికి ఆ పరీక్షలో ఏమీ దొరకకపోవచ్చు, ఏళ్ళు గడిచాక పురుగు చచ్చిపోయినా అది చేసిన నష్టం మిగిలే ఉంటుంది.

మొదట్లో స్కాన్ తప్పనిసరి అన్నాను కదా, ఈ జవాబులో మీరు ముఖ్యంగా వాయిదా వేయకూడనిది ఇది. పొత్తికడుపు క్యాన్సర్‌కి వైద్యం జరిగిన మనిషికి ఒక్క కాలు వాస్తే, లింఫెడిమా అని పేరు పెట్టే ముందు ఆ జబ్బు లోపల మళ్ళీ పెరిగి దారులను నొక్కడం లేదని చూసుకోవాలి. మీరు 'డాప్లర్‌లో గడ్డ లేదు' అన్నారు. కాలి డాప్లర్ గజ్జ వరకు సిరల్ని బాగా చూస్తుంది. పొత్తికడుపు లోపలి సిరలు, అక్కడి గ్రంథులు దానికి సరిగా అందవు. కాబట్టి ఆ రిపోర్టు నార్మల్ అంటే కాలి సిరల్లో గడ్డ లేదనే తప్ప, పైన అడ్డేమీ లేదని కాదు. ఏళ్ళుగా నెమ్మదిగా పెరిగి, నొప్పి లేకుండా బరువుగా మాత్రమే ఉండే వాపు మామూలు లింఫెడిమా వైపే మొగ్గుతుంది. వారాల్లో పెరిగిపోవడం, తొడ పైభాగం నుంచి కిందికి గబగబా దిగడం, రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, గజ్జలో గడ్డ, కాలిలో బలహీనత లేదా తిమ్మిరి, మళ్ళీ రక్తస్రావం కనిపించడం... వీటిలో ఏదున్నా అనుమానం క్యాన్సర్ తిరగబెట్టడం వైపు మళ్ళుతుంది. మీ అమ్మగారికి ఇవేవీ లేకపోయినా, వాపు మొదలయ్యాక పొత్తికడుపుకి సీటీ గానీ ఎంఆర్ఐ గానీ చేయించకపోయి ఉంటే, ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే వెళ్ళి అడగండి. చేయించి ఉంటే ఆ రిపోర్టు తేదీ చూడండి, వాపు రాకముందుది ఇక్కడ అక్కరకు రాదు.

లింఫ్ నాళాలనే నేరుగా చూసే స్కాన్ కూడా ఉంది. కాలివేళ్ళ సందులో చర్మం కింద కాస్త రేడియోధార్మిక మందు ఎక్కించి, అది పైకి ఎంత వేగంగా, ఏ దారిన వెళ్తోందో కెమెరాతో చూస్తారు. దారి బాగుంటే అది గజ్జ గ్రంథులకు చేరుతుంది. బాగోలేకపోతే మధ్యలోనే చర్మంలోకి వెనక్కి చిమ్మినట్టు పరుచుకుంటుంది. దాని పేరు లింఫోసింటిగ్రఫీ. కారణం తెలియని వాపులో, సర్జరీతో నాళాలు కలిపే ఆలోచన ఉన్నప్పుడు అది చాలా ఉపయోగం. మీ అమ్మగారిలా కథ, గుర్తులు రెండూ స్పష్టంగా ఉన్నవాళ్ళకి చాలాసార్లు అవసరం పడదు.

మీరు పంపిన నాలుగో ఫొటో గురించి ఒక మాట. తొడ ఫొటో పై నుంచి, దగ్గరగా తీశారు. ఫోన్‌కి దగ్గరగా ఉన్నది ఎప్పుడూ పెద్దగా పడుతుంది. అందుకని ఆ తొడ నిజంగా ఎంత లావుందో నేను చెప్పలేను. మళ్ళీ తీసేటప్పుడు మీ అమ్మగారిని రెండు కాళ్ళ మీద సమానంగా బరువు వేసి నిలబడమనండి. మీరు రెండు మీటర్లు వెనక్కి జరిగి, ఫోన్‌ని ఆవిడ మోకాలి ఎత్తులో పెట్టి, రెండు కాళ్ళూ ఒకే ఫొటోలో పడేలా ముందు నుంచి, వెనక నుంచి తీయండి. వాచిన కాలు ఒక్కదాన్నే తీస్తే పోల్చడానికి ఏమీ ఉండదు. తీసే ముందు అరగంట సాక్స్ వేసుకోకూడదు, వాటి అంచు చేసిన గుంట జబ్బు గుంటలా పడుతుంది. స్టెమ్మర్ మడత పట్టుకున్నప్పుడు రెండు కాళ్ళకూ చెరో ఫొటో, బొటనవేలితో నొక్కి తీసిన వెంటనే ఒకటి తీయండి. ఆ గుంట ఫొటోకి కిటికీ వెలుగు పక్క నుంచి పడాలి. ఫ్లాష్ ఎదురుగా కొడితే గుంట, నారింజ తొక్కలాంటి గరుకుదనం రెండూ మాయమైపోతాయి.

ఎరుపు విషయంలో మాత్రం ఫొటోను నమ్మకండి. చామనఛాయ, నలుపు చర్మం మీద ఇన్‌ఫెక్షన్ ఎరుపు ఫోన్‌లో తేలిపోతుంది, కాస్త ముదురుగా మాత్రమే కనబడుతుంది. వేడి, నొప్పి చెయ్యి పెడితేనే తెలుస్తాయి. మరో రంగు మాత్రం తప్పక ఫొటో తీసి ఆలస్యం చేయకుండా చూపించాలి. చాలా ఏళ్ళుగా వాచిన కాలి మీద దెబ్బ తగలకుండానే కమిలినట్టు ఊదారంగు మచ్చగానీ బుడిపెగానీ వచ్చి, వారాలైనా మానకుండా పెరుగుతుంటే దాన్ని బయాప్సీ చేయాలి. అరుదే గానీ, పాత లింఫెడిమాలో రక్తనాళాల క్యాన్సర్ ఒకటి ఇలా మొదలవుతుంది.

మీ ఫోన్‌లో పాత ఫొటోలు కూడా ఒకసారి వెతకండి. ఆవిడ పాదాలు కనిపించేవి, చెప్పులతో నిలబడినవి ఏవైనా సరే. వాపు 'మూడేళ్ళ నుంచి' అనేది మీకు గుర్తున్న లెక్క. ఫొటో మీద తేదీ ఉంటుంది. అంతకు ముందే ఎడమ పాదం మీద నీలం నాళాలు కనబడటం మానేసి ఉంటే, వాపు నెమ్మదిగా వచ్చిందని తెలుస్తుంది. నెమ్మదిగా వచ్చిందా, గబుక్కున వచ్చిందా అన్నదే మీ డాక్టర్ మొట్టమొదట అడగబోయే ప్రశ్న.

స్కాన్‌లో అడ్డేమీ లేదని తేలితే వైద్యం కట్టుతో మొదలవుతుంది. లింఫెడిమాలో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు పొరలు పొరలుగా బ్యాండేజీలు చుట్టి, తోడుగా చేతితో మర్దన, కట్టుతోనే చేసే వ్యాయామాలు చేయించి, కొన్ని వారాల్లో కాలిని వీలైనంత తగ్గిస్తారు. తగ్గిన కాలికి కొలత తీసి బిగుతు సాక్స్ ఇస్తారు. ఈ వరుస ముఖ్యం. వాచి ఉన్న కాలికే సాక్స్ కొనేస్తే అది వాపును ఉన్నచోట నిలబెడుతుందే తప్ప తగ్గించదు, పైన మడతపడి కోసుకుపోతుంది కూడా. బిగుతు కట్టే ముందు పాదానికి రక్తం సరిగ్గా వెళ్తోందని, అంటే ధమనులు బాగున్నాయని చూడాలి. షుగర్ ఉన్నవాళ్ళకీ పొగ తాగేవాళ్ళకీ ఇది మరీ అవసరం. పూర్తిగా నయమైపోతుందని నేను చెప్పను. ఆ కాలిని తగ్గించి, అక్కడే ఆపగలం.

చివరిగా మీరు రాయనిది ఒకటి రెండో ఫొటోలో ఉంది. ఎడమ కాలి చిటికెన వేలికీ, పక్క వేలికీ మధ్య చర్మం తెల్లగా నాని, పొట్టు లేచి, చిన్న చీలిక ఉన్నట్టుంది. చూడటానికి ఫంగస్ లాగే ఉంది. పోయిన ఏడాది సెల్యులైటిస్ లోపలికి వచ్చిన దారి అదే అయి ఉండవచ్చు. చర్మ డాక్టర్‌కి గానీ మీ మామూలు డాక్టర్‌కి గానీ చూపించి ఫంగస్ క్రీమ్ రాయించుకోండి, వేళ్ళ సందుల్ని స్నానం తర్వాత అద్దినట్టు తుడిచి పొడిగా ఉంచండి. స్కాన్ అపాయింట్‌మెంట్ దొరికేదాకా దీనికి ఆగక్కర్లేదు. ఈలోగా కాలు మళ్ళీ ఎర్రబడి, వేడెక్కి, చలి పుడితే తెల్లారేదాకా చూడకుండా ఆ రోజే యాంటీబయోటిక్ పడేలా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. అలాంటి జ్వరం ఏడాదిలో రెండోసారి వస్తే, మళ్ళీ రాకుండా రోజూ తక్కువ మోతాదు పెన్సిలిన్ ఇచ్చే పద్ధతి ఉంది, ఆ మాట డాక్టర్‌ని మీరే అడగండి. పెన్సిలిన్ అలర్జీ ఉంటే ముందే చెప్పాలి.